నూట నలభై మూడో పేజీ

ఆ ఒక్క మాట ప్రమోదమ్మ కన్ను కప్పి పోయిందా, లేక ఆమే కావాలని అక్కడ వదిలిపెట్టిందా? ఇన్నాళ్ళు గడిచినా దీనికి జవాబు దొరకలేదు. నేత్రను అడిగితే ఒకనాడు పోయిందంటుంది, ఇంకొకనాడు వదిలిందంటుంది. రెండు మాటలూ చెప్పేటప్పుడు ఆమె ముఖం మాత్రం ఒకేలా ఉంటుంది.

చిక్కబళ్ళాపురం ఊరి బయట, పట్టుగూళ్ళ నుంచి దారం తీసే యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి ఉంది. ఆ యంత్రాలు మొదట శిడ్లఘట్టకీ చింతామణికీ పోయేవి. తర్వాత సముద్రం దాటి వియత్నాంలో పట్టు పండే కొండప్రాంతానికి పోవడం మొదలైంది. యంత్రంతో పాటు దాన్ని ఎలా నడపాలో చెప్పే పుస్తకం కూడా పోవాలి గదా. ఆ పుస్తకాన్ని కంప్యూటరు ఇంగ్లీషులో నుంచి వియత్నాం భాషలోకి గడియలో మార్చిపెడుతుంది. మార్చినదాన్ని మనిషి కూర్చుని దిద్దాలి. ఆ దిద్దే మనిషే ప్రమోదమ్మ.

ఆమెది చింతామణి తాలూకా బట్లహళ్ళి. భర్త గంగప్ప దారం తీసే మిల్లులో మెకానిక్కు. ఆయనకు వియత్నాంలో పని దొరికితే వెంట తానూ వెళ్ళింది. పధ్నాలుగేళ్ళు అక్కడే. మొదట మిల్లులో గూళ్ళు ఏరే పని. తర్వాత ఆ భాష అక్షరాలు నేర్చుకుని, షిఫ్టు పుస్తకం రాసేదాకా వచ్చింది. మిల్లు మూతపడితే ఇద్దరూ తిరిగొచ్చి చింతామణిలో బాడుగింట్లో ఉన్నారు. మూడేళ్ళకు గంగప్ప పోయాడు. కంపెనీవాళ్ళు వియత్నాం భాష తెలిసినవాళ్ళ కోసం వెతుకుతుంటే, ఆ మిల్లులో పనిచేసి వచ్చిన ఒకాయన ఈమె పేరు చెప్పాడు.

పనిలో చేరినరోజే ఆమె ఒక మాట చెప్పింది.

"నేను ఆ దేశంలో పుట్టినదాన్ని కాదప్పా. బాగా వస్తాది, కానీ పుట్టుకతో వచ్చినట్ల రాదు. కడాకి అక్కడోళ్ళు ఒకరు చదివి సరే అనాల."

పత్రాల విభాగం చూసే సునీల్‌కుమార్‌కు ఆ మాట నచ్చలేదు. పని రానివాళ్ళు ముందే దారి వెతుక్కునే మాటలా తోచింది అతనికి. అయినా యంత్రాలు కొన్న వియత్నాం కంపెనీలోని ఒక ఇంజనీరు పుస్తకంలో జాగ్రత్తలు చెప్పే ఆరో అధ్యాయం మొత్తమూ, మిగతావాటిలో అక్కడక్కడా చదివేటట్టు ఏర్పాటు చేశాడు. అతనికి నచ్చని సంగతి మరొకటి కూడా ఉంది. ఆమె అతన్ని "సునీలప్పా" అని పిలుస్తుంది. బాగేపల్లిలో వాళ్ళ అవ్వ కూడా అట్లే పిలుస్తుంది. ఆఫీసులో 'సార్' అనిపించుకోవడానికే గదా ఇంత చదివింది అని అతని బాధ.

నేత్ర ఆ విభాగంలో ఇరవయ్యారేళ్ళ పిల్ల. గుడిబండె నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఆమెకు వియత్నాం భాష ఒక్క ముక్క రాదు. ఫైళ్ళు పంపడం, తెప్పించడం, దిద్దినదాన్ని కంప్యూటరు తనిఖీలో పెట్టడం ఆమె పని.

ఒకరోజు సునీల్‌కుమార్ ఆమెను గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేశాడు.

"నేత్రా, ఈ లెక్క సూడు. మన మెకానిక్కులు అక్కడి మిల్లులకు రాసే ఈమెయిళ్ళు ఉండాయి గదా, వాటిల్లో ఆయమ్మ మార్చింది నూటికి ఎనిమిది మాటలు. మాన్యువల్లో నూటికి ముప్పై ఎనిమిది. రెండిటికీ నేను చెప్పింది ఒకటే, లైట్ ఎడిటింగ్ అని. ఒక్కో వాక్యం మింద పదకొండు నిమిషాలు కూర్చోనుండాది. ఫుల్ ఎడిటింగ్ రేటు అడగడానికే అనిపిస్తాంది నాకు."

"అడిగిందా సార్?"

"అడగలా. అదే గదా అనుమానం. ఇంగోటి, మద్దినం అన్నం తిన్నాక ఫోన్లో ఆ బాసలో మాట్లాడతాది. మన యంత్రం గుట్లు ఎవరికి చేరేస్తాందో మనకెట్ల తెలుస్తాది? నువ్వు పక్కన కూర్చో. కండ్లు పెట్టు."

అక్కడి పనిలో దిద్దుబాటు రెండు రకాలు. లైట్ అంటే పైపై దిద్దుబాటు, అందులో అర్థం తప్పకుండా చూడాలి, ఏదీ జారిపోకూడదు, లేనిది చేరకూడదు. చదివితే తెలిస్తే చాలు, వాక్యం మోటుగా ఉన్నా వదిలేయాలి. ఫుల్, అంటే పూర్తి దిద్దుబాటు, అక్కడివాళ్ళే కూర్చుని రాసినట్టు ఉండాలి. భాగాల పేర్లు మొదటినుంచి చివరిదాకా ఒకటే ఉండాలి, మర్యాద మాట, విరామచిహ్నాలు, అన్నీ కుదరాలి. మొదటిదానికి టైము తక్కువ, రేటూ తక్కువ.

మరునాటి నుంచి నేత్ర తన కుర్చీ ప్రమోదమ్మ పక్కకు జరుపుకుంది.

"ఏమ్మా, నీ జాగాలో ఎండ తగుల్తాందా?" అంది ప్రమోదమ్మ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"లేదు ప్రమోదమ్మా. పని నేర్చుకుందామని."

"నేర్చుకో, నేర్చుకో. పని నేర్చుకునే కండ్లు వేరే ఉంటాయి, కాపలా కాసే కండ్లు వేరే ఉంటాయి. నీవి ఏవో సాయంత్రానికి తెలుస్తాయిలే."

నేత్ర కుర్చీ మళ్ళీ కొంచెం వెనక్కి జరుపుకుంది. ఆ మాట నిజంగానే పట్టేసి అన్నదో, ఊరికే అన్నదో తెలియలేదు. ప్రమోదమ్మతో ఎప్పుడూ అదే చిక్కు.

ఆమె పనిచేసే తీరు చూస్తే విచిత్రంగా ఉండేది. మెకానిక్కుల ఈమెయిళ్ళు వస్తే ఒక్కో వాక్యం చదివి, సగం వాటిని అలాగే దాటించేసేది. ఒక వాక్యం దగ్గర మాత్రం ముఖం చిట్లించింది.

"ఏమమ్మా, తప్పుండాదా?"

"తప్పు లేదు. మూతి వంకరగా ఉండాది, అంతే. మన ఊర్లో పోలీసోడు రాసిన పంచనామా మాదిరి. అర్థం అవుతాది. లైట్ అన్నారు గదా, వదిలేస్తా."

మాన్యువల్ తెరిస్తే అదే మనిషి వేరే మనిషి అయ్యేది. పక్కన చేతితో కుట్టిన ఒక నోటుబుక్కు. అందులో యంత్ర భాగాల పేర్లు అరవై నాలుగు. ఇంగ్లీషు, వియత్నాం, తెలుగు, మూడు వరసల్లో. కొన్ని పేర్ల పక్కన ప్రశ్నార్థకం. మధ్యాహ్నం రాగిముద్ద, ఉలవల సారు తిని చెయ్యి కడుక్కుని ఫోను తీసేది. కాసేపు ఆ పాటలాంటి భాషలో మాట్లాడి, నవ్వి, పెట్టేసేది. తర్వాత నోటుబుక్కులో ఒక ప్రశ్నార్థకం కొట్టేసేది.

"ఎవరు ప్రమోదమ్మా?"

"హోవా అని, నాతో గూళ్ళు ఏరిన మనిషి. మా మిల్లు మూసినాక అక్కడే ఇంగో మిల్లులో చేరింది. ఈ భాగాన్ని మీరు ఏమంటారే అని అడిగినా."

"పేజీలు గానీ పంపించినారా?" నేత్ర మాట తనకే గరుకుగా వినిపించింది.

ప్రమోదమ్మ ఆమెను నిదానంగా చూసింది. "మాట అడిగినా. పేజీ పంపలా. నమ్మితే నమ్ము, లేకుంటే సునీలప్పకు చెప్పు. నిన్ను దానికే గదా కూర్చోబెట్టింది."

నమ్మాలో వద్దో నేత్రకు తెలియలేదు. ఫోను ఆమెది, భాష ఆమెది. ఎదురుగా కూర్చుని విన్నా గోడ అవతల విన్నట్టే.

ఆ వారంలోనే కంప్యూటరు తనిఖీ ఒక పెద్ద జాబితా ఇచ్చింది. మాన్యువల్లో రెండు వందల పన్నెండు చోట్ల అంకెలు తేడా అని. ఇంగ్లీషులో మోటారు వేగం 1,440 అని కామాతో ఉంటే, ప్రమోదమ్మ 1.440 అని చుక్క పెట్టింది. ఆవిరి ఒత్తిడి 1.5 అని ఉంటే 1,5 చేసింది. సునీల్ సార్ అనుమానం నిజమే, ఈమె అంకెలన్నీ చెడగొట్టింది అనుకుంది నేత్ర. జాబితా ప్రింటు తీసి ఆమె బల్ల మీద పెట్టింది.

"ఇన్ని తప్పులు ఎట్ల చేసినారమ్మా?"

ప్రమోదమ్మ జాబితా చూసి పకపక నవ్వింది. నోటుబుక్కు వెనక అట్టలోంచి పాతబడిన ఒక చీటీ తీసింది. అక్కడి బజారులో చెప్పులు కొన్న రసీదు. వేల దగ్గర చుక్క ఉంది.

"ఆ దేశంలో వేలకు చుక్క, దశాంశానికి కామా. మనది తలకిందులు. నువ్వు 1,440 అని వదిలేస్తే, అక్కడోడు ఒకటిన్నర కంటే తక్కువ అని చదువుతాడు. మోటారు తిరగదమ్మా, మూలుగుతాది. లైట్ అయినా ఫుల్ అయినా అంకె తప్పుండకూడదు. నీ మిషన్‌కు ఆ దేశం పద్ధతి చెప్పినావా?"

చెప్పలేదు. తనిఖీ అమరికలో నేత్ర ఇంగ్లీషు పద్ధతే ఉంచేసింది. వియత్నాం పద్ధతికి మార్చి మళ్ళీ నడిపితే రెండు వందల పన్నెండు కాస్తా మూడయ్యాయి. ఆ మూడూ నిజం తప్పులే. ప్రమోదమ్మ వాటిని దిద్ది, "చూసినావా, నీ జాబితా మొత్తం అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు. ఒక్కొక్కటి చూడాల," అంది.

నేత్ర మనసులో మొత్తం నిజం కాదన్న ముక్కే నిలిచింది. జాబితా అబద్ధం చెబుతుంది.

అదే రోజు ప్రమోదమ్మ తానే సునీల్‌కుమార్ గదికి వెళ్ళింది. నేత్ర వెనకే నిలబడింది.

"సునీలప్పా, ఈమెయిళ్ళకు లైట్ సరిపోతాది. చదివేది మెకానిక్కు, చదివి పారేస్తాడు. మాన్యువల్‌కు చాలదు."

"షిప్‌మెంటు ఇరవయ్యో తేదీ అమ్మా. మూడు వందల పేజీలు ఫుల్ చేస్తే ఎప్పుటికయ్యేను?"

"మొత్తం వద్దులే. ఆరో అధ్యాయం, జాగ్రత్తలు చెప్పేది, అది ఫుల్ చేస్తా. మిగతావి లైట్. కానీ భాగాల పేర్లు మాత్రం అన్నింట్లో ఒకటే ఉండాల. ఈ మిషన్ వాక్యం వాక్యంగా మార్చుతాది. ఒక పేజీలో పెట్టిన పేరు ఇంగో పేజీలో మర్చిపోతాది."

ఆమె ఒక ఉదాహరణ చూపింది. యంత్రం పక్కన తిరిగే బెల్టు మీద, పళ్ళ చక్రాల మీద ఒక ఇనుప రేకు మూసి ఉంటుంది. దాన్ని గార్డు అంటారు. దానికి అక్కడి పేరు 'తామ్ చాన్'. కంప్యూటరు రెండో అధ్యాయంలో అదే పెట్టి, ఆరో అధ్యాయంలో 'నాప్ చే' అని పెట్టింది. అంటే మూత. గూళ్ళు ఉడికించే తొట్టికి కూడా మూత ఉంటుంది.

"యంత్రం ఆపకుండా మూత తియ్యొద్దు అని చదివితే మిల్లులో పనిచేసే పిల్ల ఏమనుకుంటాది? తొట్టి మూత అనుకుంటాది. రేకు మింద చెయ్యి పెట్టేస్తాది. బెల్టు తిరుగుతానే ఉంటాది."

సునీల్‌కుమార్ కాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించాడు. "సరే. నేత్ర జాబితా పెట్టి చూస్తాది. అరవై నాలుగు పేర్లు, ప్రతి పేజీ. చూసి టిక్కు పెట్టి సహి చేస్తాది. మీ ఇద్దరి మింద ఉండాది." తర్వాత నేత్రతో విడిగా అన్నాడు: "ఆయమ్మ దారి మార్చి ఫుల్ రేటు తీసుకోబోతాది, సూస్తా ఉండు."

ఆమె రేటు మాట ఎత్తలేదు. అది కూడా అతనికి అనుమానమే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ప్రమోదమ్మ మిల్లు సంగతి చెప్పింది. గూళ్ళు ఏరే దగ్గర వాళ్ళ సూపరువైజరు ఒక ముసలామె ఉండేదట. ఏరి పెట్టిన మంచి గూళ్ళ బుట్టలో, ఎవరూ చూడనప్పుడు, మచ్చ పడ్డ గూడు ఒకటి కలిపేదట.

"ఎందుకు?"

"పక్కన కూర్చున్న పిల్ల నిజంగా చూస్తాందా, చేతులు మాత్రం ఆడిస్తాందా అని. పట్టుకుంటే ఏమీ అనదు. పట్టుకోకుంటే కూడా ఏమీ అనదు. మరుసటి దినం ఆ పిల్లను వేరే బల్లకు మార్చేస్తాది, అంతే."

"మిమ్మల్ని మార్చిందా?"

"ఒకతూరి," అంది ప్రమోదమ్మ. నవ్వింది. "అప్పుటి నుంచి నేనూ నేర్చుకున్నా."

ఏమి నేర్చుకుందో నేత్ర అడగలేదు. ఏరడమా, కలపడమా?

పద్దెనిమిదో తేదీకి దిద్దుబాటు ముగిసింది. నేత్ర పేర్ల తనిఖీ నడిపింది. గార్డు తప్ప మిగతా పేర్లన్నీ కుదిరాయి. గార్డు అన్న మాట ముప్పై ఒక్క చోట్ల ఉంది. అందులో పద్నాలుగు చోట్ల 'తామ్ చాన్' కనబడలేదని కంప్యూటరు ఎర్రగా చూపింది. నేత్ర ఒక్కొక్కటీ తెరిచింది. మొదటిదాంట్లో ప్రమోదమ్మ పేరు మళ్ళీ రాయకుండా ఆ భాషలో 'ఈ రేకు' అని రాసింది. ఆ మాట నేత్ర ఇప్పుడు గుర్తుపట్టగలదు, నోటుబుక్కులో ఉంది. రెండోదీ అంతే. మూడు, నాలుగు, ఐదు, ఆరు, అన్నీ అంతే. తప్పేమీ లేదు.

సునీల్‌కుమార్ తలుపు దగ్గర నిలబడ్డాడు. "అయిందా? సాయంత్రం లోపల పంపాల."

ఈ జాబితా అబద్ధం చెబుతుందని ఆమెకు ముందే తెలుసు గదా. మిగిలిన ఎనిమిదింటికీ తెరవకుండానే వరసగా టిక్కు పెట్టి సంతకం చేసేసింది.

ప్రమోదమ్మ టిఫిను డబ్బా మూత బిగిస్తూ అడిగింది. "అన్నీ చూసినావా నేత్రా?"

"చూసినానమ్మా."

"ఒక్కొక్కటీనా?"

"ఒక్కొక్కటీ."

ప్రమోదమ్మ తల ఊపి బస్సుకు వెళ్ళిపోయింది.

మూడో రోజు వియత్నాం ఇంజనీరు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆరో అధ్యాయం బాగుంది, మా మనుషులే రాసినట్టుంది అని మొదట రాశాడు. తర్వాత ఒక వాక్యం: నూట నలభై మూడో పేజీలో గార్డుకు వేరే పేరు ఉంది, చదివేవాళ్ళు దాన్ని తొట్టి మూత అనుకుంటారు, ఇది దిద్దేదాకా పుస్తకం అచ్చుకు ఇవ్వం.

సునీల్‌కుమార్ ఇద్దర్నీ పిలిచాడు. అతని గొంతులో కోపం కంటే ఏదో తృప్తి ఎక్కువ వినిపించింది నేత్రకు.

"ప్రమోదమ్మా, పేర్లు ఒకటే ఉండాల అని మాకు పాఠం చెప్పింది మీరే గదా? మీరు ఫుల్ చేసిన అధ్యాయంలోనే, మీరు చూపించిన మాటే, ఎట్ల తప్పినారు?"

ప్రమోదమ్మ పేజీ తీసుకుని చూసింది. ముఖంలో ఆశ్చర్యం లేదు. లేకపోవడం నేత్ర గమనించింది. లేక ఆశ్చర్యపోవడం ఆమెకు అలవాటే లేదేమో.

"తప్పు ఉండాది," అంది. "నాదే."

"అంతేనా?"

"ఇంగేం చెప్పాల సునీలప్పా? పేజీ నా చేతిలోంచి పోయింది. నా తప్పే."

సునీల్‌కుమార్ నేత్ర వైపు తిరిగాడు. "నీ జాబితాలో ఇది చూపించలేదా?"

టిక్కుల కాగితం అతని బల్ల మీదే ఉంది. దాన్ని తిప్పి చూడటం అతనికి తోచలేదు. తోచదని నేత్రకు తెలుసు. ప్రమోదమ్మ చూపు ఆ కాగితం మీద ఒక్క క్షణం ఆగి, నేత్ర మీదికి వచ్చింది. అది అడిగే చూపూ కాదు, బెదిరించే చూపూ కాదు. బుట్ట ముందు కూర్చున్న పిల్ల చెయ్యి ఎటు పోతుందా అని చూసే చూపు.

గార్డు పేరు తేడా వస్తే కంప్యూటరు చూపకుండా ఉండదని ప్రమోదమ్మకు తెలుసు. ఎర్రగా చూపింది కూడా. తొమ్మిదో వరస, నేత్ర తెరవకుండా టిక్కు పెట్టినవాటిలో ఒకటి.

"లేదు సార్," అంది నేత్ర. "చూపలేదు."

సునీల్‌కుమార్ వెనక్కి వాలాడు. "నాకు మొదటి నుంచీ అనుమానమే. కూర్చుని దిద్దండమ్మా. ఈ దినం పోవాల. తర్వాత మాట్లాడదాం."

నిజం చెప్పడానికి ఇంకా సమయం ఉందనుకుంది నేత్ర. ప్రమోదమ్మ పక్కన కూర్చుని మెల్లగా "అమ్మా" అంది. ప్రమోదమ్మ వినిపించనట్టు పేజీ తెరిచింది. 'నాప్ చే' కొట్టేసి 'తామ్ చాన్' పెట్టింది. అక్కడితో ఆపలేదు. ముప్పై ఒక్క చోట్లూ మళ్ళీ మొదటి నుంచి తెరిచింది. 'ఈ రేకు' అని రాసిన చోట ముందు వాక్యం చదివింది, అది ఏ రేకో చదివేవాళ్ళకు అనుమానం రాదుగదా అని. రెండు చోట్ల పూర్తి పేరే పెట్టింది. అంకెలు చూసింది. బొమ్మల కింద పేర్లు చూసింది. గంటన్నర పట్టింది. అంతసేపూ నేత్ర పక్కనే ఉంది. మాట నాలుక మీదికి వచ్చి ఆగుతోంది, వచ్చి ఆగుతోంది.

"తనిఖీ నడుపు," అంది ప్రమోదమ్మ.

నేత్ర నడిపింది. ఎర్ర గుర్తులు పదకొండు వచ్చాయి. ఒక్కొక్కటీ తెరిచి చూసింది. నోటుబుక్కు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం పోల్చి చూసింది. పదకొండూ సరిగ్గానే ఉన్నాయి.

"అన్నీ చూసినా అమ్మా," అంది. ఈసారి నిజమే. ఆ నిజం విని ఎవరూ ఆమె వైపు తిరగలేదు.

ప్రమోదమ్మ ఫైలు పంపించింది. కంప్యూటరు ఆపింది. పెన్ను తీసుకుని, నోటుబుక్కులో చివరి ప్రశ్నార్థకం ఏదైనా మిగిలిందేమో అని పేజీలు తిప్పింది. నోటుబుక్కును సంచిలో పెట్టుకుంది. పాత రసీదు కూడా వెనక అట్టలో ఉందో లేదో తడిమి చూసుకుంది. ఆ సంచిలో ఆమె రోజూ టిఫిను డబ్బా ఒక్కటే తీసుకుపోయేది. నోటుబుక్కు ఎప్పుడూ బల్ల సొరుగులోనే ఉండేది.

ఇక రాదన్నమాట అని నేత్రకు తట్టేసరికి ఆమె తలుపు దగ్గర ఉంది. చెప్పులు వేసుకుంటోంది.

"ప్రమోదమ్మా, రేపు..."

ప్రమోదమ్మ చెప్పు పట్టీ సరిచేసుకుని కొంగు భుజం మీదికి లాక్కుంది. సునీల్‌కుమార్ గది వైపు చూడలేదు. నేత్ర వైపూ చూడలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ గోపాలప్ప "ఏమ్మా, ఈ దినం పెందలాడే?" అన్నాడు. అతనికి చెయ్యి ఊపి, రోడ్డు దాటి, చింతామణి బస్సు ఆగే వైపు నిలబడింది.

కిటికీ దగ్గర నేత్ర నిలబడి చూసింది. బస్సు వచ్చి ఆగింది. బస్సు కదిలినాక అవతల ఎవరూ లేరు.